ఒక్క స్టార్ కింద రాసే నాలుగు లైన్లు

రాత్రి ఎనిమిదింటికి శంషాబాద్‌లో హైవే పక్కన ఒక ఇన్నోవా ఆగి ఉందనుకోండి. లోపల ఏడుగురు ఉన్నారు. వాళ్ళలో ఒకరికే ఫ్లైట్, మిగతా ఆరుగురూ సెండాఫ్ బ్యాచ్. అందరికీ ఆకలిగా ఉంది. ముందు సీట్లో కూర్చున్నాయన ఫోన్ తీసి మ్యాప్స్‌లో రెస్టారెంట్లు వెతుకుతాడు. ఒకటి 4.1, ఇంకొకటి 4.0, పక్కది 4.2. ఫొటోల్లో అన్ని చోట్లా అదే బిర్యానీ, అదే ఉల్లిపాయ, అదే నిమ్మకాయ ముక్క. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. రివ్యూలు తెరిచి, సార్టింగ్‌లో `Lowest` నొక్కుతారు. ఐదు స్టార్లవాళ్ళు ఏం రాస్తారో అందరికీ తెలుసు, "సూపర్", "నైస్ ఆంబియన్స్". అసలు ఇక్కడ ఏం తేడా కొడుతుందో చెప్పేది ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళే.

ఆ పేజీలో కస్టమర్ తిట్టిన ప్రతి తిట్టు కింద హోటల్‌వాళ్ళకి కొంచెం జాగా ఉంటుంది. అక్కడ ఏం రాయాలి అన్నదే ఈ వ్యాసం. మా మేనమామకి ఆ ఏరియాలో ఒక రెస్టారెంట్ ఉంది, పేరు రాయను, ప్రమోషన్ అనుకుంటారు. ఏడాదిగా అక్కడ రిప్లైలు రాసే డ్యూటీ నాది. కాబట్టి కింద వచ్చే ఉదాహరణలు అక్కడివే. రివ్యూలు ఇంగ్లీషులోనో, ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనో ఉన్నాయి, వాటిని ఇక్కడ తెలుగులోకి మార్చి రాస్తున్నా.

ముందు ఒక చిన్న లెక్క. ఒక్క స్టార్ పడగానే ఓనర్లకి గుండె ఆగినంత పనవుతుంది, రేటింగ్ పడిపోయిందని. 640 రివ్యూలతో సగటు 4.1 ఉన్న చోట ఒక కొత్త ఒక్క స్టార్ పడితే ఏమవుతుందో చూడండి.

```
(640 × 4.1 + 1) / 641 = 4.095
```

స్క్రీన్ మీద కనబడేది ఒక్క దశాంశ స్థానమే, అంటే ఇంకా 4.1. అది 4.0గా కనబడాలంటే మధ్యలో ఒక్క మంచి రివ్యూ కూడా రాకుండా వరసగా పదకొండు ఒక్క స్టార్లు పడాలి. కాబట్టి ఆ రివ్యూ చేసే నష్టం నంబర్‌లో లేదు, అందులో రాసిన మాటల్లో ఉంది. మాటలకి మందు మాటలే. అయితే ఆ మాటలు ఎవరికి రాస్తున్నాం అన్నది ముందు తేలాలి.

కాలనీలో ఉండే మెస్‌కి అయితే రిప్లై నిజంగానే ఆ కస్టమర్‌కి రాయొచ్చు. అతను పక్క వీధిలోనే ఉంటాడు, బుజ్జగిస్తే వచ్చే వారం మళ్ళీ వస్తాడు. శంషాబాద్ అలా కాదు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారాక ఈ ఊరి హోటళ్ళకి ఒక వింత కస్టమర్ తయారయ్యాడు. జీవితంలో ఒకటి రెండు సార్లు మాత్రమే వచ్చేవాడు, ఊళ్ళో ఎవరినీ ఎరగనివాడు, చేతిలో లగేజీ, కళ్ళు గడియారం మీద. ఫ్లైట్ ఎక్కేవాళ్ళు, దింపడానికి వచ్చినవాళ్ళు, కర్నూలు వైపు కార్లో పోయేవాళ్ళు, ఇక్కడి ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళికి వచ్చినవాళ్ళు. వీళ్ళకి "అక్కడ బాగుంటది" అని చెప్పే పక్కింటాయన లేడు, ఫోనే ఉంది. తిట్టిన మనిషి మన రిప్లై నోటిఫికేషన్ చూసేసరికి డల్లాస్‌లో దిగి ఉంటాడు. అతన్ని మళ్ళీ రప్పించడం మన చేతుల్లో లేదు.

అందుకే రిప్లై పైకి అతనికే రాసినట్టున్నా, అసలు పాఠకుడు ఇన్నోవాలో ముందు సీటు ఆయన. మన ఇళ్ళల్లో పిల్లాడితో మాట్లాడుతూనే పక్క గదిలో ఉన్న పెద్దవాళ్ళకి వినబడేలా ఒక మాట అంటారు చూడండి, ఇదీ అంతే.

ఇప్పుడు అసలు కేసు. ఒక ఆదివారం పడ్డ రివ్యూ ఇది:

"ఫ్యామిలీతో వెళ్ళాం. మటన్ బిర్యానీ చెప్తే 50 నిమిషాలు కూర్చోబెట్టారు. ఎన్నిసార్లు అడిగినా టూ మినిట్స్ సార్ అన్నారు. ఫ్లైట్ ఉందని చెప్పినా పట్టించుకోలేదు. సగం తిని పరిగెత్తాం. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళేవాళ్ళు ఇక్కడ ఆగకండి."

ఇందులో డేంజర్ లైన్ చివరిది. మిగతాదంతా కోపం. చివరి లైన్ మాత్రం నేరుగా మన అసలు పాఠకుడితోనే మాట్లాడుతోంది.

మామ అప్పటికే ఫోన్‌లో ఒక జవాబు టైప్ చేసి పెట్టుకున్నాడు. "50 నిమిషాలు అబద్ధం, మా దగ్గర సీసీ కెమెరా ఉంది. ఆదివారం రష్ ఉంటదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. బిర్యానీ అంటే రెండు నిమిషాల మ్యాగీ కాదు. ఫ్లైట్ ఉన్నోళ్ళు ఇంట్లో తినిపోవాలె." చదివి నేను పడీ పడీ నవ్వా. కానీ పోస్ట్ చెయ్యనివ్వలేదు.

ఎందుకంటే, రివ్యూ చదివేటప్పుడు ముందు సీటు ఆయనకి ఉన్న అనుమానం ఒక్కటే, ఇక్కడ లేట్ అవుతుందేమో అని. ఈ జవాబు కూడా చదివితే రెండు అవుతాయి. లేట్ అవుతుంది, అడిగితే గొడవ కూడా పెట్టుకుంటారు. నిజానిజాలు తేల్చడానికి అతను సీసీ ఫుటేజ్ చూడబోవడం లేదు కదా. ఇలాంటి గొడవ ఎంత దూరం పోతుందో అమెరికాలో ఏమీస్ బేకింగ్ కంపెనీ అనే రెస్టారెంట్ చూపించింది. 2013లో ఒక టీవీ షోలో వాళ్ళ ఎపిసోడ్ వచ్చాక తిట్టినవాళ్ళతో ఫేస్‌బుక్‌లో అదే స్థాయిలో తగువు పెట్టుకున్నారు. అక్కడి వంట ఎలా ఉండేదో ఇవాళ ఎవరికీ గుర్తులేదు, ఆ తగువు మాత్రం అందరికీ గుర్తుంది.

రాయడానికి ముందు చెయ్యాల్సిన పని వంటగదిలో ఉంది. ఆర్డర్ తీసుకోగానే కిచెన్‌లోకి వెళ్ళే చిన్న చీటీని కేఓటీ అంటారు, దాని మీద టైమ్ ప్రింట్ అవుతుంది. బిల్లు మీదా టైమ్ ఉంటుంది. రివ్యూలో చెప్పిన రోజు, ఐటమ్స్ పట్టుకుని వెతికితే ఆ టేబుల్ దొరుకుతుంది. మాకు దొరికిన కేఓటీ మీద 2:03 ఉంది. ప్లేట్ టేబుల్ మీదకి ఎప్పుడు వెళ్ళిందో ఏ చీటీ చెప్పదు, దానికి మనుషుల్ని అడగాలి. మాస్టర్‌ని అడిగితే రెండో హండీ మూత 2:45కి తీశానన్నాడు. అంటే కస్టమర్ వెయిట్ చేసింది 40 నిమిషాల పైనే. 50 అన్నాడు, 43 అయ్యుండొచ్చు. ఆకలితో కూర్చున్నవాడికి 43కి, 50కి తేడా ఏముంటుంది? ఆ ఏడు నిమిషాల మీద వాదిస్తే గెలిచినా ఓడినట్టే.

అసలు ఎందుకు లేటయింది? హైదరాబాద్ కచ్చీ బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన వేసి, మూత అంచుకి పిండి పెట్టి దమ్ మీద పెడతారు. మాంసం, అన్నం రెండూ ఆ ఆవిరిలోనే ఒకేసారి ఉడకాలి. మధ్యలో మూత తీస్తే రెండూ చెడతాయి. దాన్ని తొందరపెట్టే మార్గం లేదు. మొదటి హండీ రెండింటికి అయిపోయింది, రెండోది అప్పటికే దమ్ మీద ఉంది. వచ్చినవాళ్ళు సరిగ్గా ఆ గ్యాప్‌లో పడ్డారు.

ఇక్కడిదాకా వచ్చాక మామ, "చూశినవా, నేను చెప్పింది అదే కదా, బిర్యానీ మ్యాగీ కాదు" అన్నాడు. కాదు. ఆర్డర్ తీసుకున్న కెప్టెన్‌కి ఆ గ్యాప్ సంగతి తెలుసు. తెలిసీ ఆర్డర్ తీసుకున్నాడు, తెలిసీ "టూ మినిట్స్" అన్నాడు. ఎందుకన్నాడంటే, 40 నిమిషాలని చెప్తే టేబుల్ లేచిపోతుంది. అంటే తప్పు బిర్యానీ లేట్ కావడం కాదు, లేట్ అని చెప్పకపోవడం. రివ్యూ రాసినవాడు లేట్ గురించి రాశాడు గానీ అతని కోపం దీనిమీదే, "ఎన్నిసార్లు అడిగినా" అన్న మాట చూస్తే తెలుస్తుంది. ఈ ఒక్క ముక్క దొరక్కుండా రాసే ఏ రిప్లై అయినా పై పూతే. నా అనుభవంలో రాయడానికి పది నిమిషాలు పడుతుంది, ఇది కనుక్కోడానికి ఒక్కోసారి రెండు రోజులు.

తర్వాత మార్పు. కౌంటర్ పక్కన ఒక తెల్ల బోర్డు పెట్టారు, తర్వాతి హండీ ఎన్నింటికో దాని మీద మార్కర్‌తో రాస్తారు. ఆర్డర్ తీసుకునేటప్పుడు కెప్టెన్ ఆ టైమ్ చెప్పాలి. బోర్డు గోడకి ఎక్కాకే రిప్లై పోస్ట్ చేశాం, మూడో రోజున. అది ఇది:

"ఫ్లైట్ టైమ్ పెట్టుకుని వచ్చిన మిమ్మల్ని మేం 40 నిమిషాల పైనే కూర్చోబెట్టాం. మొదటి హండీ అయిపోయి రెండోది దమ్ మీద ఉందని మాకు తెలుసు, అది మీకు చెప్పకుండా టూ మినిట్స్ అన్నాం. అది తప్పు, సారీ అండీ. ఇప్పుడు తర్వాతి హండీ ఎన్నింటికో కౌంటర్ దగ్గర బోర్డు మీద రాస్తున్నాం, ఆర్డర్ తీసుకునే ముందే చెప్తున్నాం. టైమ్ తక్కువ ఉన్నవాళ్ళకి రోటీ, కర్రీ, ఫ్రైడ్ రైస్ పావుగంటలో ఇస్తాం."

పోస్ట్ చేసే ముందు మామ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "40 నిమిషాలని మనమే ఒప్పుకుంటే, చదివినోళ్ళు ఇంకేం వస్తర్రా?" దీనికి జవాబు ఏంటంటే, రివ్యూ అప్పటికే అక్కడ ఉంది. చదివేవాడు దాన్ని నమ్మేశాడు, ఎందుకంటే సాటి కస్టమర్ మాట హోటల్ మాటకంటే ముందు నమ్ముతాం. ఆ రోజు ఏం జరిగిందన్నది అతనికి తేలిపోయిన విషయం. తేలనిది ఒక్కటే, ఇవాళ నాకూ ఇలాగే అవుతుందా? రిప్లై ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలి. ఆ రోజు సంగతి మనం ఒప్పుకుంటేనే ఇవాళ్టి సంగతి చెప్పినప్పుడు నమ్ముతాడు.

ఆ ఐదు వాక్యాల్లో దేనికి ఏ పని ఉందో కూడా చెప్పాలి. ఫోన్‌లో పొడవాటి రిప్లై మొత్తం కనబడదు, కొన్ని లైన్ల తర్వాత `More` నొక్కాలి. అందుకే "మా రెస్టారెంట్‌ని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు" లాంటి వాటితో మొదటి లైన్ వృథా చెయ్యలేదు. "కెప్టెన్ అన్నాడు" అని కాకుండా "అన్నాం" అని రాశాం. ఓనర్ వెయిటర్ మీదకి తోసేస్తే చదివేవాడికి ఎందుకో ఓనర్ మీదే చులకన కలుగుతుంది. పైగా ఆ కుర్రాడు టూ మినిట్స్ అనడం నేర్చుకుంది టేబుల్ పోగొడితే తిట్లు పడే చోటే కదా. కస్టమర్ పేరు, టేబుల్ నంబర్, బిల్లు అమౌంట్ రాయలేదు, అవి అందరి ముందూ పెట్టే హక్కు మనకి లేదు. "మళ్ళీ రండి" అనలేదు, అతను రాడు. చివరి వాక్యం మాత్రం పూర్తిగా ముందు సీటు ఆయన కోసమే రాసింది. "ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళేవాళ్ళు ఆగకండి" అన్నదానికి మనం "ఆగండి" అని ఎదురు చెప్పలేదు. ఆగితే ఏం తినాలో చెప్పాం.

ఇక తెలుగు విషయం, ఇది మన క్లబ్ మ్యాగజైన్ కాబట్టి. మన భాషలో తప్పు చేసినవాడిని మాయం చెయ్యడం చాలా ఈజీ. "ఆలస్యం జరిగింది." ఎవరు చేశారు? ఎవరూ లేరు, వర్షం పడ్డట్టు అదే జరిగింది. "లేట్ అయింది", "పొరపాటు దొర్లింది", "సమాచార లోపం ఏర్పడింది" అన్నీ ఇదే ఫ్యామిలీ. ఇంట్లో గ్లాసు పగిలితే "పగిలిపోయింది" అంటాం గానీ "పగలగొట్టా" అంటామా? రిప్లైలో ఈ క్రియల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని "చేశాం", "చెప్పలేదు", "కూర్చోబెట్టాం" అని మార్చి చూడండి, అదే సమాచారం వేరే మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. ఇంకొకటి, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము". ఇది రైల్వే స్టేషన్‌లో విని విని మనకి బండి లేట్ అనే అర్థం తప్ప ఇంకే అర్థమూ మిగల్లేదు. చింతించే మనిషి ఎవరూ ఆ వాక్యంలో కనబడరు. "మీరు ఆరోపించినట్టు" కూడా వద్దు, కోర్టు వాసన వస్తుంది. "మీరు చెప్పినట్టు" చాలు.

ఏ భాషలో రాయాలి అని కూడా అడుగుతారు. రివ్యూ ఏ భాషలో ఉంటే అందులోనే. ఇంగ్లీషు అక్షరాల తెలుగులో రాసినవాళ్ళకి తెలుగు లిపిలో ఇస్తే ఎవరూ ఏమీ అనుకోలేదు.

కాపీ పేస్ట్ రిప్లై గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. `Lowest` పేజీలో వరసగా పద్నాలుగు ఫిర్యాదుల కింద అదే "సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్" చూస్తే ఏమనిపిస్తుందో మీకే తెలుసు. ఒక్కటే చదివితే మర్యాద. పద్నాలుగు కలిపి చదివితే, ఇక్కడ ఎవరూ వినడం లేదని అర్థం.

అన్ని ఫిర్యాదులూ నిజం కావు. "ఫిష్ ఫ్రై వాసన వస్తోంది" అని ఒక రివ్యూ పడింది. మామ మెనూలో చేపలే లేవు. దగ్గర పేర్లున్న హోటళ్ళు ఆ రోడ్డు మీద ఉన్నాయి, మ్యాప్‌లో తప్పు చోట నొక్కి ఉంటారు. గూగుల్‌కి రిపోర్ట్ చెయ్యొచ్చు, కానీ వాళ్ళు తీసేసేది పాలసీకి విరుద్ధమైన వాటినే, అంటే ఫేక్, బూతులు, ఆ చోటికి సంబంధం లేని విషయాలు లాంటివి. మనకి నచ్చకపోవడం కారణం కాదు, ఫలితం రావడానికి టైమ్ కూడా పడుతుంది. ఈలోపు చదివేవాళ్ళ కోసం రెండు లైన్లు: "మా మెనూలో చేపల ఐటమ్స్ లేవండీ, మెనూ ఫొటో ఇదే పేజీలో ఉంది. మీరు వేరే చోట తిన్నారేమో, ఒకసారి చూడగలరా?" ఇక్కడ బలమంతా మెనూ ఫొటోలో ఉంది, ముందు సీటు ఆయన ఒక్క స్వైప్‌లో చూసుకోవచ్చు. "ఇది కాంపిటీషన్ వాళ్ళ పని" అని రాస్తే, నిజమే అయినా, చూసుకోడానికి ఏమీ ఉండదు.

అన్నిటికంటే కష్టమైనది "తిన్నాక కడుపు చెడింది" అనేది. దీనికి ఓనర్లందరూ రాసే జవాబు ఒకటే, "ఆ రోజు 200 మంది తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు". ఎవరికీ ఏమీ కాలేదని వీళ్ళకెలా తెలుసు? ఇంటికెళ్ళి వాంతులు చేసుకున్నవాడు ఫోన్ చేసి చెప్పడు కదా. అటు కస్టమర్ కూడా ఖాయంగా చెప్పలేడు. కొన్ని బ్యాక్టీరియా గంటల్లోనే పని మొదలుపెడతాయి, సాల్మొనెల్లా లాంటిది రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు, కాబట్టి చివరగా తిన్న చోటే కారణం కానక్కర్లేదు. ఇది సైన్స్ ప్రకారం కరెక్టే. కానీ రిప్లైలో రాస్తే లాయర్ నోటీస్‌లా ఉంటుంది, ఒంట్లో బాగాలేని మనిషితో వాదించినట్టు ఉంటుంది.

మనవాళ్ళకి ఈ విషయంలో భయం ఊరికే రాలేదు. 2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్ళ కిచెన్లలో ఏం దొరికిందో ఫొటోలతో సహా ఎక్స్‌లో పెట్టడం మొదలుపెట్టింది. ఆ ఏడాది అక్టోబర్ 30న పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ని రాష్ట్రంలో ఏడాది పాటు నిషేధించారు. ఇవన్నీ చూసినవాడే మన రిప్లై చదువుతున్నాడు. కాబట్టి ఇలాంటి రివ్యూకి నా వరకు ఒక రూల్ ఉంది. కిచెన్ చూడకుండా ఒక్క అక్షరం కూడా రాయను. ఆ పూట ఏ ఐటమ్ తిన్నారు, అది ఎప్పుడు వండారు, మిగిలింది ఏం చేశారు, ఫ్రిడ్జ్ పని చేస్తోందా అని అడుగుతా. ఒకసారి ఇలా అడిగితే, కరెంట్ పోయిన రాత్రి చట్నీ, పెరుగు బయటే ఉండిపోయాయని తేలింది. అప్పుడు రిప్లై కంటే ముందు జరగాల్సింది వాటిని పారెయ్యడం, పారేశారు. తర్వాత రాసింది ఇంతే: "ముందు మీ ఆరోగ్యం ఎలా ఉందో చెప్పండి, మా నంబర్ బిల్లు మీద ఉంది. మీరు రాసింది చూసి కిచెన్ చెక్ చేశాం. కరెంట్ పోయినప్పుడు పెరుగు, చట్నీ ఫ్రిడ్జ్ బయట ఉన్నాయి, వాటిని పారేశాం. ఇప్పుడు ఫ్రిడ్జ్‌ని జనరేటర్ లైన్‌కి కలిపాం." పెరుగు వల్లే జ్వరం వచ్చిందని అనలేదు, రాలేదనీ అనలేదు. మనకి తెలిసింది, చేసింది మాత్రమే ఉంది. మామకి ఇది పోస్ట్ చెయ్యడం అస్సలు ఇష్టం లేదు, రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నిజానికి నేను కూడా దీని ఫలితం ఖాయంగా బాగుంటుందని చెప్పలేను. ఫ్రిడ్జ్ బయట పెరుగు అని చదివి వెళ్ళిపోయేవాళ్ళు కొందరు ఉంటారు. కానీ దాచి రాసిన రిప్లై నమ్మి ఒకడు వచ్చి తిన్నాడంటే, అతన్ని పర్సువేడ్ చేసింది నేనే అవుతా.

ఒక షార్ట్‌కట్ గురించి కూడా చెప్పాలి, అందరికీ వచ్చే ఐడియానే. "రివ్యూ తీసేస్తే ఫ్యామిలీ ప్యాక్ ఫ్రీ." గూగుల్ పాలసీలో దీనికి చోటు లేదు, రివ్యూ రాయడానికైనా, మార్చడానికైనా, తీసెయ్యడానికైనా ఏదో ఆశ చూపించకూడదు. స్టాఫ్ చేత ఐదు స్టార్లు వేయించడం కూడా అంతే. మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022 నవంబర్‌లో ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం కూడా వచ్చింది, అయితే అది స్వచ్ఛందం. రూల్స్ సంగతి పక్కన పెట్టినా, రిప్లైలో ఫ్రీ బిర్యానీ ఆఫర్ చేస్తే చదివే ప్రతివాడికీ మనం నేర్పేది ఒక్కటే, ఇక్కడ తిడితే బిర్యానీ వస్తుందని.

ఇదంతా పని చేస్తుందా అని సీఎస్‌ఈ వాళ్ళు అడుగుతారు, అడగాలి. కొలవడం కష్టం. రిప్లైలు మొదలుపెట్టాక రేటింగ్ పెరిగిందనుకోండి, అది రిప్లై వల్లా, రిప్లై రాసేంత శ్రద్ధ వచ్చిన ఓనర్ వంట కూడా బాగు చేయించడం వల్లా? దీన్ని విడదియ్యడానికి ప్రొసెర్పియో, జెర్వాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక మంచి ఉపాయం వాడారు. టెక్సస్ హోటళ్ళని తీసుకుని, ఒకే హోటల్‌కి రెండు సైట్లలో వచ్చిన రివ్యూల్ని పోల్చారు. ట్రిప్‌అడ్వైజర్‌లో హోటళ్ళు రిప్లై ఇస్తాయి, ఎక్స్‌పీడియాలో దాదాపు ఇవ్వవు. గదులు బాగుపడితే రెండు చోట్లా రేటింగ్ పెరగాలి, రిప్లై వల్ల అయితే ఒకచోటే పెరగాలి. 2017లో అచ్చైన ఆ పేపర్ ప్రకారం రిప్లైలు మొదలుపెట్టిన హోటళ్ళకి ట్రిప్‌అడ్వైజర్‌లో రేటింగ్ సగటున 0.12 స్టార్ పెరిగింది, రివ్యూల సంఖ్య 12 శాతం పెరిగింది. చిన్న నంబరే. నాకు నచ్చిన ఫలితం ఇంకొకటి, నెగటివ్ రివ్యూలు తగ్గాయి గానీ వచ్చినవి ఇంకా పొడవుగా వచ్చాయి. హోటల్‌వాళ్ళు చదివి జవాబిస్తారని తెలిస్తే ఊరికే తిట్టేవాడు ఆగిపోతాడు, నిజంగా దెబ్బతిన్నవాడు వివరంగా రాస్తాడు. అవి హోటళ్ళు, అది అమెరికా, కాబట్టి శంషాబాద్ బిర్యానీకి ఆ 0.12 అలాగే అతికించకూడదు.

మాకు దొరికిన సూచన ఇంకా చిన్నది. బోర్డు రిప్లై పెట్టిన కొన్ని వారాలకి కౌంటర్ ఫోన్‌కి ఒక కొత్త రకం కాల్స్ మొదలయ్యాయి. "భయ్యా, నెక్స్ట్ హండీ ఎన్నింటికి?" హండీ అన్న మాట మా పేజీలో ఆ ఒక్క రిప్లైలోనే ఉంది. చదివారు, చదివి ఫోన్ చేశారు, అంతవరకు ఖాయం.

దాంతో ఒక చిక్కు కూడా వచ్చింది. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒకరోజు బోర్డు మార్చడం మర్చిపోయారు. వెంటనే రెండు స్టార్ల రివ్యూ: "బోర్డు మీద 1:30 అని ఉంది, ఇచ్చింది 2:10కి. పైన రిప్లైలో చెప్పేవన్నీ ఉత్తివే." రిప్లై మనకి సాక్ష్యం అయినట్టే మన మీద సాక్ష్యం కూడా అవుతుంది. ఈసారి రిప్లైలో కొత్త వాగ్దానం ఏదీ చెయ్యలేదు. "బోర్డు మార్చడం మర్చిపోయాం, ఇప్పుడు మూత తీసే మాస్టరే టైమ్ రాస్తున్నారు" అని రాశాం. ఇంతకుముందు ఆ పని క్యాషియర్‌ది, అతనికి హండీ కనబడదు.

పాత రిప్లైలని ఎడిట్ చెయ్యొచ్చు, ఇది చాలామంది వాడరు. రివ్యూ రాసినవాళ్ళు కూడా తమది ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అప్పుడు మన జవాబు వేరే ప్రశ్నకి చెప్పినట్టు మిగిలిపోతుంది. అందుకే నెలకోసారి `Lowest` పేజీ మొత్తం పైనుంచి కిందికి చదువుతా. రంజాన్ నెలలో సాయంత్రం పొయ్యిలు హలీమ్‌కి వెళ్ళిపోతాయి, రోటీ, కర్రీ పావుగంటలో రావు. ఆ నెల మొదలయ్యే ముందు ఆ చివరి వాక్యంలో "పావుగంట" తీసి "అరగంట" అని పెట్టాలి, పండగ అయ్యాక మళ్ళీ మార్చాలి.